రెండు గంటలు దాటిపోయిన హాఫ్ మారథాన్: కోచ్ పంపిన మెసేజ్‌లో అసలు ఏముంది?

ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ అయిపోయిన మర్నాడు నగరంలోని రన్నింగ్ గ్రూపుల్లో రెండు రకాల ఫొటోలు కనిపిస్తాయి. మెడలో పతకంతో నవ్వుతున్న ముఖాలు కొన్ని. అదే పతకం మెడలో ఉన్నా నవ్వలేకపోతున్న ముఖాలు మరికొన్ని. ఈ రెండో రకం వాళ్లకు రెండు మూడు రోజుల్లో కోచ్ దగ్గర నుంచి ఒక మెసేజ్ వస్తుంది. చదివితే అది ఓదార్పులా ఉంటుంది, మధ్యలో లెక్కల పాఠంలా ఉంటుంది, చివరికి లక్ష్యాన్నే మార్చేసినట్టు ఉంటుంది. "సర్ నా మీద ఆశ వదులుకున్నారా?" అని బాధపడేవాళ్లు చాలామందే ఉంటారు. తెల్లవారుజామున నెక్లెస్ రోడ్ మీద రన్నర్లతో గడిపే నాకు ఈ ప్రశ్న ఏటా ఎదురవుతుంది. అందుకే అలాంటి మెసేజ్ ఒకటి తీసుకుని, అందులో ప్రతి వాక్యం వెనకా ఏముందో విప్పి చూద్దాం.

ఉదాహరణకు ఒక రన్నర్ని ఊహించుకుందాం. వయసు 34, బరువు 58 కిలోలు, కొండాపూర్‌లో ఉద్యోగం, మూడేళ్లుగా పరుగు. హాఫ్ మారథాన్, అంటే 21.1 కిలోమీటర్లు, రెండు గంటల లోపు పూర్తి చేయాలన్నది ఆమె కోరిక. తీరా గచ్చిబౌలి స్టేడియంలో గీత దాటేసరికి గడియారం 2 గంటల 8 నిమిషాల 30 సెకన్లు చూపించింది. మంగళవారం సాయంత్రం కోచ్ ఇలా రాశాడు:

"అమ్మా, రెండు రోజులు ఆగి రాస్తున్న. కావాలనే ఆగిన. నీ వాచ్ ఫైల్ మూడుసార్లు చూసిన. 2:08 అన్న అంకెను కొద్దిసేపు పక్కకు పెట్టు. 10 కిలోమీటర్ల కాడ నువ్వు 55:35ల ఉన్నవ్. ఫిబ్రవరిల సల్లటి పొద్దుగాల, సాపు రోడ్డు మీద, ఉన్న బలమంతా పెట్టి ఉరికితే వచ్చిన నీ బెస్ట్ 54:00. అంటే మొన్న సగం రేసు దాదాపు 10కే రేసు లెక్కనే ఉరికినవ్. ఆ తర్వాత ఇంకా 11 కిలోమీటర్లు మిగిలినయ్. నీ దమ్ము తక్కువ కాలేదు, మన ప్లాన్ తప్పింది. ఆ ప్లాన్‌కు సరే అన్నది నేనే. రెండు గంటలు ఎక్కడికి పోలేదు, కానీ అది వచ్చే రేసు లక్ష్యం కాదు. డిసెంబర్ల నాకు కావాల్సింది ఒక్కటే: చివరి 5 కిలోమీటర్లు మొదటి 5 కంటే మెల్లగ ఉండొద్దు. పది రోజులు వాచ్ లేకుండ తిరుగు. తర్వాత కేబీఆర్ పార్కు కాడ కలుద్దం. ఫికర్ వద్దు."

ముందుగా ఇందులో ఏం జరిగిందో గమనించండి. "రెండు గంటలు ఎందుకు రాలేదు" అన్న ప్రశ్నను కోచ్ "ఏ కిలోమీటరు దగ్గర ఏం జరిగింది" అన్న ప్రశ్నగా మార్చాడు. మిగతాదంతా ఆ మార్పు నుంచే వచ్చింది.

లక్ష్యం అనే మాటలో మూడు వేర్వేరు విషయాలు

క్రీడా మనస్తత్వ శాస్త్రంలో లక్ష్యాలను మూడుగా విడదీస్తారు. మొదటిది ఫలితం: పతకం రావాలి, ఫలానా ఆమెను దాటాలి. రెండోది ప్రదర్శన: ఇతరులతో సంబంధం లేకుండా నాకంటూ ఒక అంకె, ఉదాహరణకు రెండు గంటలు. మూడోది ప్రక్రియ: రేసు జరుగుతుండగా నేను చేసే పని, ఉదాహరణకు మొదటి 5 కిలోమీటర్లు నెమ్మదిగా మొదలుపెట్టడం.

వీటి మధ్య తేడా తెలియాలంటే మన తెలంగాణ అమ్మాయి దీప్తి జీవన్‌జీ 2024 సంవత్సరాన్ని చూస్తే చాలు. ఆ మే నెలలో జపాన్‌లోని కోబేలో, మేధోపరమైన వైకల్యం ఉన్న క్రీడాకారుల టీ20 విభాగంలో 400 మీటర్లను ఆమె 55.07 సెకన్లలో పరిగెత్తింది. అప్పటికి అది ప్రపంచ రికార్డు. సెప్టెంబర్‌లో పారిస్ పారాలింపిక్స్ ఫైనల్లో 55.82లో ముగించి కాంస్యం గెలిచింది. ఆ ఫైనల్లో స్వర్ణం 55.16కి వచ్చింది. కోబే పరుగు పారిస్‌లో పడి ఉంటే స్వర్ణమే అనిపిస్తుంది. కానీ పరుగులను అలా ఒక ఊరి నుంచి తీసి ఇంకో ఊళ్లో పెట్టలేం. ఆ రోజు గాలి వేరు, పక్క లేన్లలో ఉన్నవాళ్లు వేరు, ఒంట్లో అలసట వేరు. ఫలితం మన చేతిలో సగమే ఉంటుంది.

రెండు గంటలు అన్న అంకె అలాంటిది కాదు, పూర్తిగా మన చేతిలో ఉన్నదే అనుకుంటాం. నిజానికి అదీ పూర్తిగా మనది కాదు. ఏ రోడ్డు మీద, ఏ నెలలో, ఎంత తేమలో అన్నవి ఆ అంకెలో కలిసే ఉంటాయి. ఆమె విషయంలో పొరపాటు మొదలైంది అక్కడే.

ఆ రెండు గంటలు ఎక్కడి నుంచి వచ్చాయి?

పీటర్ రీగల్ అనే ఇంజనీర్ ఇచ్చిన ఒక సూత్రాన్ని రన్నర్లు దశాబ్దాలుగా వాడుతున్నారు. ఒక దూరంలో మీ సమయం తెలిస్తే మరో దూరంలో ఎంత రావచ్చో అది అంచనా వేస్తుంది:

T2 = T1 × (D2 / D1)^1.06

10 కిలోమీటర్ల నుంచి హాఫ్ మారథాన్‌కు లెక్క వేస్తే, 10 కిలోమీటర్ల సమయాన్ని సుమారు 2.206తో గుణించడమే. ఆమె 54 నిమిషాలను గుణిస్తే 119 నిమిషాల చిల్లర వస్తుంది, అంటే 1 గంట 59 నిమిషాలు. రెండు గంటల కోరిక గాలిలోంచి పుట్టలేదు, దానికి ఆధారం ఉంది.

కానీ ఆ లెక్కలో మిగులు ఎంత? ఒక్క నిమిషం కూడా లేదు. పైగా ఆ 54 నిమిషాలు ఫిబ్రవరి చల్లదనంలో చదును రోడ్డు మీద వచ్చినవి. రోడ్డూ వాతావరణమూ మారవనుకునే ఈ సూత్రం పని చేస్తుంది. హైదరాబాద్ మారథాన్ హాఫ్ దూరం ఇటీవలి సంవత్సరాల్లో నెక్లెస్ రోడ్‌లోని పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలిలో ముగుస్తోంది. హుస్సేన్ సాగర్ ఒడ్డు నుంచి జూబ్లీహిల్స్ వైపు ఎక్కాలి, దారిలో ఫ్లైఓవర్లున్నాయి, దుర్గం చెరువు తీగల వంతెన ఉంది. ఎక్కేటప్పుడు పోయిన సమయం దిగేటప్పుడు పూర్తిగా తిరిగి రాదు. ఇది దేశంలోని కష్టమైన మార్గాల్లో ఒకటని రన్నర్లు ఊరికే అనరు.

కాబట్టి రెండు గంటలన్నది ఆమె శక్తికి మించిన అంకె అనలేం. ఆ రోజుకూ ఆ రోడ్డుకూ అది సరిపడలేదు. "మన ప్లాన్ తప్పింది" అని కోచ్ అన్నది ఓదార్చడానికి కాదు. చలికాలపు లెక్కను వానాకాలపు రోడ్డు మీద పెట్టారని ఒప్పుకోవడానికి.

5 కిలోమీటర్ల ముక్కలుగా చూస్తే

సగటు చాలా దాచేస్తుంది. ఆమె సగటు వేగం కిలోమీటరుకు 6:05. అది చూస్తే రేసంతా కాస్త నెమ్మదిగా పరిగెత్తిందనిపిస్తుంది. ముక్కలు విడదీస్తే వేరే కథ కనిపిస్తుంది. రెండు గంటలకు కిలోమీటరుకు 5:41 కావాలి, అంటే ప్రతి 5 కిలోమీటర్లకు 28:26.

మొదటి 5 కిలోమీటర్లు 27:30. రెండో 5 కిలోమీటర్లు 28:05. అప్పటికి ఆమె అనుకున్నదానికంటే 1 నిమిషం 17 సెకన్లు ముందుంది. మూడో ముక్క 30:45, నాలుగోది 34:40, మిగిలిన 1.1 కిలోమీటర్లు 7:30. తర్వాతి సగంలో పోయింది దాదాపు 9 నిమిషాల 47 సెకన్లు.

ముందు సంపాదించిన 77 సెకన్లకు తర్వాత 587 సెకన్లు కట్టాల్సి వచ్చింది. రన్నర్లు దీన్ని "టైమ్ బ్యాంకులో వేసుకోవడం" అంటారు. ఎక్కాల్సిన చోట ఆలస్యమవుతుంది కాబట్టి చదునులోనే కొంత దాచుకుందామనుకోవడం. వినడానికి సబబుగానే ఉంటుంది. ఒంటికి మాత్రం ఆ లెక్క కుదరదు, ఎందుకంటే వేగం కాస్త పెరిగినా దానికి చెల్లించే మూల్యం అంతకంటే ఎక్కువగా పెరుగుతుంది. తన జీవితంలో అత్యంత వేగవంతమైన 10 కిలోమీటర్ల కంటే 95 సెకన్లు మాత్రమే నెమ్మదిగా ఆమె మొదటి 10 పూర్తి చేసింది. ఎక్కుడు భాగం ఇంకా ముందే ఉంది.

తేమ గాలి ఒంట్లో చేసే పని

ఆగస్టులో హైదరాబాద్ ఉదయం చల్లగానే ఉంటుంది కదా, 23 డిగ్రీలే కదా అంటారు. ఇబ్బంది ఉష్ణోగ్రతతో కాదు, తేమతో. ఆ నెల ఉదయాల్లో తేమ తరచుగా 80 శాతం పైనే ఉంటుంది.

పరుగులో ఒక్కో కిలోమీటరుకు, ఒక్కో కిలో బరువుకు సుమారు ఒక కిలోక్యాలరీ ఖర్చవుతుంది. 58 కిలోల మనిషి గంటకు పదిన్నర కిలోమీటర్ల వేగంతో వెళ్తే గంటకు 600 పైచిలుకు. అందులో ముప్పావు వంతుకు పైగా కదలికగా మారదు, వేడిగా మారుతుంది. అంటే గంటకు 450 కిలోక్యాలరీలకు పైగా వేడిని ఒళ్లు బయటికి పంపాలి. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోక్యాలరీల వేడిని తీసుకెళ్తుంది. పొడి గాలిలో లీటరు లోపు చెమటతో పని జరిగిపోతుంది.

ఈ లెక్కలో "ఆవిరైతే" అన్న మాటే కీలకం. తేమ గాలిలో చెమట అంతా ఆవిరి కాదు, కొంత కారిపోతుంది. మోచేతి కొస నుంచి రోడ్డు మీద పడే చుక్క ఒంటిని చల్లబరచదు. టీషర్టు పిండితే నీళ్లు వస్తాయి గానీ లోపలి వేడి లోపలే ఉంటుంది. అప్పుడు వేడిని బయటికి పంపడానికి శరీరం చర్మం వైపు ఎక్కువ రక్తాన్ని మళ్లిస్తుంది. గుండెకు తిరిగి వచ్చే రక్తం తగ్గుతుంది. ఒక్కో స్పందనకు తక్కువ రక్తం పంపుతున్న గుండె ఆ లోటు పూడ్చడానికి ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. వేగం మారకపోయినా గుండె వేగం పైకి జరుగుతూ పోతుంది. దీన్నే కార్డియాక్ డ్రిఫ్ట్ అంటారు.

కోచ్ వాచ్ ఫైల్ మూడుసార్లు చూసింది ఇందుకే. మన ఉదాహరణలో 2వ కిలోమీటరు దగ్గర గుండె వేగం 168, పేస్, అంటే కిలోమీటరుకు పట్టే సమయం, 5:30. 14వ కిలోమీటరు దగ్గర పేస్ 6:15కి పడిపోయింది, గుండె వేగం మాత్రం 183. వేగం తగ్గుతున్నా గుండె వేగం పెరుగుతోందంటే వేడి, ముందు చేసిన తొందర కలిసి పనిచేస్తున్నాయని అనుమానించాలి. అలా కాకుండా పేస్‌తో పాటు గుండె వేగం కూడా 155కి, 150కి పడిపోతూ ఉంటే కథ వేరు. గుండెలో ఇంకా సత్తువ ఉంది, కాళ్లే మొరాయించాయి, లేదా ఇంధనం అయిపోయింది. అప్పుడు కోచ్ పొడవాటి పరుగుల గురించీ, ఆహారం గురించీ రాసేవాడు. మెసేజ్ మొత్తం మారిపోయేది. మణికట్టు వాచీలు కొన్నిసార్లు గుండెకు బదులు అడుగుల లయను లెక్కపెట్టి తప్పు చూపిస్తాయి కాబట్టి ఒక్క అంకెను కాకుండా మొత్తం గీతను చూడాలి.

ఇది కారణమా, సాకా?

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఉంది. పాత తరం కోచ్‌లు చాలామంది అదే అంటారు: "గాలి అందరికీ ఒకటే, ఫ్లైఓవర్ అందరికీ ఒకటే. మిగతావాళ్లు ఎట్లా ఉరికిన్రు?" దీన్ని తేలిగ్గా తీసిపారేయలేం. ప్రతి ఓటమికీ వాతావరణాన్ని చూపించడం అలవాటైన రన్నర్ ఏ రేసు నుంచీ ఏమీ నేర్చుకోరు.

మనస్తత్వ శాస్త్రవేత్త బెర్నార్డ్ వైనర్ ఈ చిక్కును విప్పే దారి ఒకటి చూపించాడు. మనిషి తన ఓటమికి చెప్పుకునే కారణాన్ని మూడు ప్రశ్నలతో పరీక్షించవచ్చు. అది నాలో ఉందా, బయట ఉందా? అది మారేదా, మారనిదా? అది నా చేతిలో ఉందా, లేదా? "నాకు పరుగు రాదు" అనుకుంటే కారణం లోపల ఉంది, మారదు, చేతిలో లేదు. మళ్లీ ప్రయత్నించడానికి దారే మూసుకుపోతుంది. "తేమ వల్ల" అనుకుంటే బయట ఉంది, మారుతుంది గానీ చేతిలో లేదు. మనసు తేలికపడుతుంది, చేయగలిగింది మాత్రం లేదు. "తేమ ఉందని తెలిసీ మొదటి 5 కిలోమీటర్లు 27:30లో వెళ్లాను" అంటే లోపల ఉంది, మారుతుంది, చేతిలో ఉంది.

కోచ్ రాసింది ఈ మూడోదే. మెసేజ్‌లో తేమ అన్న మాటే లేదని గమనించండి. వాతావరణాన్ని లెక్కలో వేసుకున్నాడు, కానీ నింద దాని మీద వేయలేదు. తప్పులో తన వాటా కూడా తీసుకున్నాడు, ఎందుకంటే ప్లాన్ ఇద్దరిదీ. నా దృష్టిలో మెసేజ్ మొత్తంలో కష్టమైన వాక్యం అదే. చాలామంది కోచ్‌లు దాన్ని రాయరు.

రెండు రోజులు ఆగడం మీద కూడా భిన్నాభిప్రాయాలున్నాయి. జ్ఞాపకం వేడిగా ఉన్నప్పుడే మాట్లాడాలని కొందరంటారు, ఎందుకంటే ఏ మలుపు దగ్గర ఏమనిపించిందో మంగళవారానికి మసకబారుతుంది. ఏడుపు ఆగకముందు ఏ విశ్లేషణా బుర్రకెక్కదని మరికొందరు. నేను చూసినంతలో మధ్యేమార్గం పనిచేస్తుంది. రేసు రోజు సాయంత్రం గుర్తున్నదంతా రన్నర్ రాసుకుంటారు, కోచ్ మాత్రం రెండు రోజుల తర్వాతే మాట్లాడతాడు.

లక్ష్యాన్ని తగ్గించడం, లక్ష్యాన్ని మార్చడం

"చివరి 5 కిలోమీటర్లు మొదటి 5 కంటే మెల్లగ ఉండొద్దు." ఆమెను ఎక్కువ బాధపెట్టేది ఈ వాక్యమే. రెండు గంటలతో పోలిస్తే చిన్నదిగా కనిపిస్తుంది.

గుండ్రటి అంకెల బలాన్ని తక్కువ చేయలేం. దాదాపు కోటి మారథాన్ ఫలితాలను పరిశీలించిన ఆర్థికవేత్తలు 3 గంటలు, 4 గంటల గీతలకు కాస్త ముందు ముగించినవాళ్లు గుంపులుగా ఉంటారని చూపించారు. గీత దగ్గర్లో ఉందని తెలిస్తే చివర్లో మనిషి ఇంకాస్త బలం తీస్తాడు. మనస్తత్వ శాస్త్రవేత్తలు ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ పరిశోధనలు కూడా "నీ శాయశక్తులా చెయ్యి" అనడం కంటే కచ్చితమైన, కష్టమైన లక్ష్యమే మేలని చెప్పాయి. కాబట్టి అంకెను తీసేయొద్దనేవాళ్ల వాదనలో బలముంది. అయితే అదే పరిశోధనల్లో ఒక మెలిక ఉంది. చేయాల్సిన పని ఇంకా పూర్తిగా చేతికి రానప్పుడు అలాంటి అంకె హాని చేయగలదు, అప్పుడు నేర్చుకునే లక్ష్యం మేలు. ఆమెకు పరిగెత్తడం వచ్చు. శక్తిని 21 కిలోమీటర్లకు పంచడం ఇంకా రాలేదు. అందుకే కోచ్ రెండు గంటలను తుడిచేయలేదు, వెనక్కి జరిపాడు.

కొత్త లక్ష్యం నిజంగా చిన్నదేనా? అంకెలు వేసి చూద్దాం. డిసెంబర్‌లో మొదటి 5 కిలోమీటర్లు 29:30. తర్వాతి 10 కిలోమీటర్లు కిలోమీటరుకు 5:50 చొప్పున 58:20. ఆ తర్వాతి 5 కిలోమీటర్లు 29:00. మిగిలిన 1.1 కిలోమీటర్లు 6:13. మొత్తం 2:03:03. ఆగస్టు కంటే ఐదున్నర నిమిషాలు మెరుగు, అదీ మొదటి 5 కిలోమీటర్లు రెండు నిమిషాలు నెమ్మదిగా పరిగెత్తి.

ఇక రెండు గంటలకు మళ్లీ ఎప్పుడు గురిపెట్టాలి? 10 కిలోమీటర్లు 53 నిమిషాల్లో వచ్చాక. రీగల్ లెక్కలో 53 నిమిషాలకు హాఫ్ సుమారు 1:57 వస్తుంది. అప్పుడు చేతిలో మూడు నిమిషాల మిగులుంటుంది, ఒకటి రెండు ఫ్లైఓవర్లకు అది సరిపోతుంది. శిక్షణ కూడా దాన్ని బట్టే నడుస్తుంది. వారంలో ఒకరోజు 5:35 నుంచి 5:40 మధ్య పేస్‌లో పది నిమిషాల చొప్పున మూడుసార్లు పరుగు, ఆదివారం పొడవాటి పరుగులో చివరి 4, 5 కిలోమీటర్లు మొదటివాటి కంటే వేగంగా. రెండోదే అసలు మందు, ఎందుకంటే చివర్లో బలం మిగలాలంటే మొదట్లో చెయ్యి బిగబట్టుకోవాలని ఒంటికి అదే నేర్పుతుంది.

ఈ మెసేజ్ తప్పయ్యే సందర్భం

కోచ్ చెప్పిన కారణం ఒక ఊహే, దాన్ని పరీక్షించాలి. వాచ్ లేకుండా తిరగమన్న పది రోజులు విశ్రాంతి కోసం, ఆ తర్వాత కేబీఆర్ పార్కు దగ్గర కలుద్దామన్నది పరీక్ష కోసం. రేసుకు ముందు కిలోమీటరుకు 6:40 చొప్పున మాట్లాడుకుంటూ పరిగెత్తేటప్పుడు ఆమె గుండె వేగం 144 ఉండేదనుకుందాం. అదే పేస్‌లో మళ్లీ దాదాపు అంతే చూపిస్తే ఒళ్లు బాగుంది, తప్పు ప్లాన్‌లోనే ఉంది. మూడు వారాలైనా 155 దగ్గరే ఉంటే, మెట్లెక్కితే ఆయాసం వస్తుంటే, పేస్ గురించి మాట్లాడటం ఆపి డాక్టర్ దగ్గరికి పంపాలి. హిమోగ్లోబిన్, ఒంట్లో ఇనుము నిల్వలను చూపించే ఫెరిటిన్ చూడాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. ఇనుము తక్కువైన రన్నర్‌కు "మొదట్లో తొందరపడ్డావు" అని చెబితే మాట కొంతవరకు నిజమే కావచ్చు, కానీ ఆమెకు అక్కరకు రాదు.

మన ఉదాహరణలో పదకొండో రోజు కేబీఆర్ దగ్గర అంకె 151 వచ్చింది. కోచ్ ఏమీ అనలేదు, ఇంకో వారం మెల్లగానే తిరగమన్నాడు. పద్దెనిమిదో రోజు అదే చోట, అదే పొద్దుటి వేళ, అదే 6:40 పేస్‌లో 145 వచ్చింది. ఆ సాయంత్రం రెండో మెసేజ్ వచ్చింది: "బుధవారం 5 గంటలకు నెక్లెస్ రోడ్. పది నిమిషాలు, మూడుసార్లు. వాచ్ పెట్టుకుని రా."